మీ ఫోన్ నంబరు, మా మందుల షాపు



బిల్లు కొట్టేటప్పుడు మా కుర్రాడు మీ ఫోన్ నంబరు అడుగుతాడు. ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఇవ్వకపోయినా మందులిస్తాం, కాగితం బిల్లూ ఇస్తాం. నంబరు ఇస్తేనే సరుకు అమ్ముతామని పట్టుబట్టకూడదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే దుకాణదారులకు చెప్పింది.

మందుల షాపు లెక్క బియ్యం, పప్పుల లెక్క లాంటిది కాదు. నెలనెలా ఏ మాత్రలు కొన్నారో చూస్తే ఇంట్లో షుగరు ఎవరికుందో, నిద్రమాత్రలు ఎవరు వాడుతున్నారో తెలిసిపోతుంది. అందుకే ఈ ఉత్తరం.

ఒకావిడ అత్తగారికి షుగరు మాత్రలు కొని, బిల్లు ఫోనుకు పంపమని నంబరు ఇచ్చారనుకుందాం. ఆ నంబరు బిల్లు పంపడం వరకే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సరిగ్గా ఇలాంటి మందుల షాపునే ఉదాహరణగా చూపించింది. మాత్రలు అయిపోవచ్చాయని వచ్చే నెల గుర్తుచేయాలంటే ఆవిడను మళ్లీ విడిగా అడగాలి. ఒప్పుకున్నాక ఎప్పుడు వద్దన్నా ఆపాలి. షాపుల మీద ఈ బాధ్యతలు పెట్టే సెక్షన్లు 2027 మేలో అమల్లోకి వస్తాయి. మేం మాత్రం ఇప్పటినుంచే పాటిస్తున్నాం.

మీ వివరాలు బయటికి పోకుండా కాపాడే చట్టం ఇప్పటికే ఉంది. నమ్మకంతో ఇచ్చిన సమాచారాన్ని, చట్టం అడిగితే తప్ప, ఇతరులకు చెప్పడం అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అంటోంది. ల్యాబు ఏజెంటు అడిగినా, బీమా మనిషి అడిగినా, చివరికి మీ చుట్టాలు అడిగినా మా సమాధానం ఒకటే: ఇవ్వం. వాట్సాప్‌లో పంపిన చీటీ ఫొటోను మందులిచ్చాక తీసేస్తాం.

మీ వివరాలు తీసేయమంటే కంప్యూటరులోంచి మీ నంబరు, గుర్తుచేసే జాబితాలో మీ పేరు తీసేస్తాం. కానీ అన్నీ చెరపలేం. జీఎస్టీ చట్టం ప్రకారం బిల్లుల లెక్క వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు ఉంచాలి. కొన్ని యాంటీబయాటిక్‌లు, నిద్రమాత్రలు హెచ్1 షెడ్యూలులో ఉంటాయి. వాటికి డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని మాత్రలిచ్చామో రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. అందులో ఫోన్ నంబరు రాయాలన్న నియమం లేదు, మేం రాయం.

మీకు తెలియని చోటునుంచి మీ మందుల గురించి ఫోన్ వస్తే, ఆ నంబరు, వచ్చిన సమయం రాసుకుని ముందు నాకు చెప్పండి. నా జవాబు సరిగా లేదనిపిస్తే 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

ఇట్లు,
మీ మందుల షాపు యజమాని