ఎల్‌ఎల్‌ఆర్ పరీక్షకు వెళ్లేవాళ్లకు నా మాటలు

1. ముందు ఏ బండి గురించి అడిగారో చూడండి. ‘ప్రైవేటు వాహనానికి ఉండాల్సిన రికార్డులు ఏవి?’ అనేది పాత ప్రశ్నే, అయినా దాని దగ్గర తడబడేవాళ్లు చాలామంది. మూడు జవాబుల్లోనూ సీ-బుక్ కనిపిస్తుంది, ఏదైనా సరైనదే అనిపిస్తుంది. పర్మిట్టు, ట్రిప్ షీటు, జీసీఆర్ అన్న మాటలు ఎక్కడున్నాయో వెతకండి. అవి లారీలు, బస్సులు, ట్యాక్సీల కాగితాలు. అవి ఉన్న జవాబులు తీసేస్తే మిగిలేది సీ-బుక్, ఇన్సూరెన్సు, ట్యాక్స్ టోకెన్, లైసెన్సు. ‘మా స్కూటర్‌కి టోకెన్ ఎప్పుడూ చూళ్లేదే’ అంటారు పిల్లలు. మన దగ్గర సొంత బండికి కొన్నప్పుడే లైఫ్ ట్యాక్స్ కట్టేస్తాం, అందుకే చూసుండరు. జవాబు మాత్రం అదే. అందులో పొల్యూషన్ లేదని కంగారు పడొద్దు. రోడ్డు మీద అదీ ఉండాల్సిందే.

2. ఒక్కో కాగితానికీ ఒక్కో గడువు. 2024 జూన్ 10న కొని, ఆ రోజే రిజిస్ట్రేషన్ అయిన బీఎస్-6 స్కూటర్ అనుకోండి. సీ-బుక్ పదిహేనేళ్లు, అంటే 2039 దాకా చెల్లుతుంది. ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి వర్తించే థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు కొత్త టూవీలర్‌కి ఐదేళ్లకు కలిపే ఇస్తారు, కాబట్టి 2029 దాకా బెంగలేదు. మన బండి దెబ్బతిన్నా, పోయినా డబ్బిచ్చే భాగం మాత్రం చాలావరకు ఏడాదికే ఉంటుంది. రెండూ ఒకే పాలసీ కాగితం మీద పక్కపక్కనే ఉంటాయి. 2029 చూసి ధీమాగా ఉన్నవాడు, 2026లో బండి దొంగతనం జరిగాక ఇన్సూరెన్సు ఆఫీసుకు వెళ్తే పైసా రాదు. పోలీసులు అడిగేది థర్డ్ పార్టీయే. చట్టప్రకారం తప్పనిసరి అదొక్కటే.

3. పై స్కూటర్‌కి 2025 జూన్ దాకా పొల్యూషన్ కాగితం అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ అయిన ఏడాది తర్వాతే ఆ పని. అక్కణ్నుంచి బీఎస్-4, బీఎస్-6 బళ్లకు ఒక్కోసారి ఏడాది, అంతకన్నా పాతవాటికి ఆరు నెలలు. పాత ప్రశ్నల పుస్తకాల్లో ఆరు నెలలే జవాబుగా ఉంటుంది. పరీక్షలో బీఎస్ ఊసు లేకుండా అడిగితే అదే పెట్టండి.

4. యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే చూపించాలి, ఇదీ పరీక్షలో వస్తుంది. ఫోన్లో చూపించొచ్చని 2018లో కేంద్రం రూల్స్ మార్చింది. అయితే డిజిలాకర్‌లోనో, ఎం-పరివాహన్‌లోనో ఉంటేనే లెక్క. గ్యాలరీలో దాచుకున్న ఫోటో, వాట్సాప్‌లో నాన్న పంపిన ఫోటో చెల్లవు. ఊరు దాటితే చార్జింగ్ మీద నాకు నమ్మకం తక్కువ, అందుకే లైసెన్సు కార్డు పర్సులోనే ఉంచుకుంటాను.