పెద్ద H, చిన్న h

ప్రశ్న: జర్మన్ ఆటోక్యాడ్ డ్రాయింగులోని నోట్స్‌ను తెలుగు చేయాలి. ఫైల్లోంచి తీసిన టెక్స్ట్‌లో `%%c20 H7`, `\S+0,021^0;` అని ఉన్నాయి. వీటిని ఏం చేయాలి?

జవాబు: అనుభవమున్న అనువాదకులు వీటిని అలాగే ఉంచుతారు. `%%c` తెరమీద వ్యాసం గుర్తుగా మారుతుంది. `\S` పై, కింది టాలరెన్సులను ఒకదానిపై ఒకటి నిలబెడుతుంది. చివరి సెమికోలన్ పోతే ఆ అమరిక చెదురుతుంది. 0,021లోని కామా మనకు దశాంశ బిందువు.

అక్షరం మారితే భాగమే మారుతుంది. `H7` రంధ్రం 20 నుంచి 20.021 మి.మీ. వరకు ఉండొచ్చు, `h7` షాఫ్టు 19.979 వరకు తగ్గొచ్చు.

`Rz 6,3`ను `Ra 6,3` అని రాస్తే మరీ గరుకైన ఉపరితలం కూడా తనిఖీలో నెగ్గుతుంది. తెలుగులోకి రావలసింది మాటలే: ‘అంచులకు బర్ ఉండకూడదు’ వంటివి.

చివరగా ఫైలును మళ్లీ తెరిచి, అసలు పీడీఎఫ్ పక్కన పెట్టి ప్రతి కొలతా సరిచూస్తారు.