గొంతు ఆయనదే, చదివింది ఆయన కాదు

ప్రశ్న: మా తాతయ్య పిల్లల కథలు రాశారు. ఆయన మాటలు కొన్ని పాత క్యాసెట్లలో ఉన్నాయి. వాటితో ఆయన గొంతును కంప్యూటర్‌లో తయారుచేసి, ఆ కథలు చదివించి, ఇక్కడి తెలుగు బడి పిల్లలకు వినిపించాలనుకుంటున్నాం. మా పెద్దమ్మ ఒప్పుకోవడం లేదు. డబ్బు కోసం చేయనప్పుడు కూడా అందరి అనుమతీ కావాలా?
- ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: కావాలి. ఒక మనిషి గొంతుతో కథ వినిపిస్తే, ఆయనే అలా చదివారని వినేవాళ్ళు నమ్ముతారు. డబ్బు ముట్టకపోయినా ఆ నమ్మకం కలుగుతుంది. ‘కీడా కోలా’ సినిమాలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతును పునఃసృష్టించారంటూ ఆయన కుమారుడు చరణ్ 2024లో లీగల్ నోటీసు పంపినప్పుడు, ఆయన అభ్యంతరం కుటుంబాన్ని అడగలేదన్నదే. అదే ఏడాది ‘లాల్ సలామ్’ పాటలో ఏఆర్ రెహమాన్ కన్నుమూసిన ఇద్దరు గాయకుల గొంతులు వాడారు. కుటుంబాల అనుమతి తీసుకున్నామని, పారితోషికం ఇచ్చామని ఆయనే ప్రకటించారు. రెండుచోట్లా వాడింది ఇలాంటి సాంకేతికతే, తేడా వచ్చింది అడగడం దగ్గరే. అమెరికాలో చట్టం రాష్ట్రానికో తీరుగా ఉంది. టెన్నెసీలో 2024 జులై 1 నుంచి మనిషి గొంతుకు కూడా స్పష్టమైన రక్షణ వచ్చింది. అయితే మీ ఇంటి సమస్య తీరాల్సింది కోర్టులో కాదు. తాతయ్య పిల్లలందరినీ అడగండి. ఏ కథలు, ఎవరికి, ఎంతకాలం, ఆ గొంతు ఫైలు ఎవరి దగ్గర ఉంటుంది, వద్దనుకుంటే ఎలా తీసేస్తారు అన్నవి ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. పెద్దమ్మ అభ్యంతరం బహుశా కథల గురించి కాకపోవచ్చు, రేపు ఆ గొంతుతో ఇంకేం పలికిస్తారో అన్న భయం కావచ్చు. కాగితం చూశాక కూడా ఆవిడ వద్దంటే ఆ గొంతు జోలికి వెళ్ళకండి. కథలు మీ ఇంట్లో ఎవరైనా చదవొచ్చు.

“మాటలు ఆయన రాసినవే కదా, వేరే చెప్పాల్సిన పనేముంది?” అని మీరు అడగవచ్చు. దివంగత అమెరికన్ చెఫ్ ఆంథొనీ బోర్డెయిన్ మీద 2021లో వచ్చిన ‘రోడ్‌రన్నర్’ డాక్యుమెంటరీలో సరిగ్గా ఇదే జరిగింది. ఆయన రాసిన కొన్ని వాక్యాలను దర్శకుడు మోర్గాన్ నెవిల్ కృత్రిమ గొంతుతో చదివించారు, సినిమాలో ఆ సంగతి చెప్పలేదు. ఇంటర్వ్యూలో బయటపడేసరికి విమర్శలు వచ్చాయి. దగ్గరివాళ్ళను అడిగానని దర్శకుడు అన్నారు, అలా ఒప్పుకున్నది తాను కాదని బోర్డెయిన్ నుంచి విడిపోయిన భార్య అన్నారు. మాటలు సొంతమే అయినా, ఎక్కడ ఆగాలో, ఏ మాట ఒత్తాలో నిర్ణయించింది ఆయన కాదు. నోటిమాట అనుమతి ఎంత బలహీనమో కూడా అక్కడే తెలిసింది. అందుకే కథ మొదట్లోనే, వేరే గొంతుతో, ఇలా చెప్పించండి: “కథ రాసింది తాతయ్యే. ఈ గొంతు ఆయన పాత రికార్డింగుల నుంచి కంప్యూటర్ తయారుచేసింది. ఆయన దీన్ని చదవలేదు.” దీనివల్ల కథలో మజా పోతుందన్న వాదనలో బలం లేదు. ఈ మూడు వాక్యాల తర్వాత కూడా పిల్లలు కథే వింటారు.

ప్రశ్న: అనుమతి ఉంది, చెబుతున్నాం కూడా. కానీ తెలుగు ఎక్కడో తేడాగా పలుకుతోంది. ఎలా సరిచేయాలి?
- మరో పాఠకుడు, టెక్సస్

జవాబు: ఇదీ అనుమతి లాంటి బాధ్యతే, ఎందుకంటే యంత్రం చేసిన తప్పు ఆ మనిషి ఖాతాలో పడుతుంది. ముందు తప్పును పట్టుకోవాలి. రాత చూస్తూ వింటే పట్టుబడదు, లేని ఒత్తును కన్నే పూరించేస్తుంది. కథ చదవని పెద్దవారొకరికి రెండు మూడు నిమిషాల ముక్క వినిపించి, విన్నది విన్నట్టు రాయమనండి. గడ్డి ‘గడి’గా, కళ ‘కల’గా రాశారంటే తప్పు అక్కడుంది.

ఎక్కువగా దొరికేవి మూడు. మొదటిది చ, జ. చాప, చలి, జడ అన్నప్పుడు నాలుక పళ్ళకు తగులుతుంది, చరిత్ర, జలం అన్నప్పుడు తగలదు. రాతలో అక్షరం ఒకటే కాబట్టి యంత్రం రెంటినీ ఒకలాగే పలకవచ్చు. పాత పుస్తకాల్లోని ౘ, ౙ పెట్టి చూడండి. వాటిని మింగేస్తే, ప్రత్యామ్నాయ పలుకు ఇచ్చే సౌకర్యమున్న చోట ఇలా రాయండి:

```
<sub alias="త్సాప">చాప</sub>
```

అచ్చులో చాప అలాగే ఉంటుంది, వినిపించేది మాత్రమే మారుతుంది. ఇది ఉజ్జాయింపు పలుకే కాబట్టి ప్రతి మాటా విని చూడాలి. రెండోది అంకెలు. 1965లో అని ఇస్తే ‘వెయ్యి తొమ్మిది వందల’ అని మొదలుపెట్టవచ్చు, ‘లో’ను విడగొట్టవచ్చు. “పంతొమ్మిది వందల అరవై అయిదులో” అని అక్షరాల్లోనే రాసివ్వండి. మూడోది విరుపు. “వస్తావా అని అడిగాడు” అన్నప్పుడు ‘వస్తావా’ దగ్గర గొంతు లేవాలి. లేవకపోతే ఆ మాటను ప్రశ్నగుర్తుతో కొటేషన్‌లో పెట్టండి. సరిచేశాక ఒక్క మాటనే మళ్ళీ చేసి అతికిస్తే అతుకు వినిపిస్తుంది, పేరా మొత్తం మళ్ళీ చేయించండి.

ఇంత శ్రమ ఎందుకు, అర్థమైతే చాలదా అనవచ్చు. వార్తకైతే చాలునేమో. తెలుగు బడిలో పిల్లలు ఆ పలుకునే నేర్చుకుంటారు, అందులోనూ అది ఆ మనిషి పలుకేననుకుంటారు. ఎంత దిద్దినా ఒక మాట లొంగకపోతే ఆ పేరాను మనిషి చేత చదివించండి. ఆ సంగతి కూడా మొదట్లో చెప్పే మాటల్లో చేర్చండి.