వేడి చేస్తే తక్కువ కరిగే లవణం

బోరు నీళ్లు వాడే ఇంట్లో ఇమ్మర్షన్ హీటర్‌ను కొన్ని నెలల తర్వాత చూస్తే, దాని చుట్టకు తెల్లని పెచ్చు కట్టి ఉంటుంది. అందులో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. చక్కెర, పటిక వేడినీళ్లలో మరింత బాగా కరుగుతాయి కదా, మరి ఈ లవణం అన్నింటికంటే వేడిగా ఉన్న చోటే ఎందుకు పేరుకుంటుంది? జవాబుకు కావలసినవి ప్రమాణ పట్టికల్లోని ఆరు సంఖ్యలు మాత్రమే.

మొదటి మూడు, 25°C దగ్గర ఆయా పదార్థాలు ఏర్పడేటప్పటి ప్రమాణ గిబ్స్ స్వేచ్ఛా శక్తులు. మోల్‌కు కిలోజౌళ్లలో కాల్సైట్ స్ఫటికానికి −1128.8, కాల్షియం అయాన్‌కు −553.6, కార్బొనేట్ అయాన్‌కు −527.8. అయాన్ల మొత్తం నుంచి స్ఫటికం విలువ తీసేస్తే +47.4 మిగులుతుంది. ధన విలువ కాబట్టి కాల్సైట్ కరగడానికి ఇష్టపడదు. ఎంత మాత్రం కరుగుతుందో ఈ సూత్రం చెబుతుంది:

ΔG° = −RT ln Ksp

47,400ను 8.314 × 298తో భాగిస్తే సుమారు 19.1 వస్తుంది. అంటే ద్రావణీయతా లబ్ధం Ksp దాదాపు 5 × 10⁻⁹. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ΔG°లో ఒక్క కిలోజౌల్ తేడా వచ్చినా Ksp ఒకటిన్నర రెట్లు మారిపోతుంది. కొలతల్లో వచ్చే విలువ 3.3 × 10⁻⁹ దగ్గర ఉంటుంది. పట్టికలోని చిన్న తేడాలు ఘాతంలోకి ఎక్కితే ఇలాగే పెద్దవవుతాయి.

మిగతా మూడు సంఖ్యలు ఎంథాల్పీలు: అదే వరుసలో −1206.9, −542.8, −677.1. ఈసారి తేడా −13 కిలోజౌళ్లు. కాల్సైట్ కరిగేటప్పుడు వేడి విడుదలవుతుందన్నమాట. అలాంటి చర్యను వేడి చేస్తే అది వెనక్కి మళ్లుతుంది. వాంట్ హాఫ్ సమీకరణం ఆ లెక్క ఇస్తుంది:

ln(K₂/K₁) = −(ΔH°/R)(1/T₂ − 1/T₁)

25°C నుంచి 60°Cకి వెళ్తే కుడివైపు −0.55 వస్తుంది. Ksp 0.58 వంతుకు పడిపోతుంది. సిల్వర్ క్లోరైడ్ కరిగేటప్పుడైతే 65 కిలోజౌళ్ల వేడి పీల్చుకుంటుంది. అదే ఉష్ణోగ్రతలకు దాని Ksp సుమారు 16 రెట్లు పెరుగుతుంది. రెండూ అల్పంగా కరిగే లవణాలే, కానీ నడిచే దారులు వేరు.

కాల్సైట్ ఇలా ప్రవర్తించడానికి కారణం దాని అయాన్ల మీద ఉన్న రెట్టింపు ఆవేశం. అవి నీటి అణువులను గట్టిగా పట్టి తమ చుట్టూ వరుసగా నిలబెడతాయి. ఆ పట్టులో వేడి విడుదలవుతుంది, కానీ నీటి స్వేచ్ఛ తగ్గిపోతుంది. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఆ స్వేచ్ఛకు ధర పెరుగుతుంది.

ఈ లెక్క ΔH° మారదని అనుకుంటుంది. నిజంగా అది కొంచెం మారుతుంది, 60°C దగ్గర కొలిచిన పతనం ఇంకాస్త ఎక్కువే. పెచ్చు మందానికి మరో పెద్ద కారణం కూడా ఉంది. నీళ్లలోని బైకార్బొనేట్ వేడికి కార్బన్ డయాక్సైడ్‌ను వదిలి, కార్బొనేట్‌గా మారుతుంది. Ksp తగ్గుతున్న సమయంలోనే కార్బొనేట్ పెరుగుతుంది. అందుకే పెచ్చు బకెట్ గోడకంటే ముందు హీటర్ చుట్టకు కడుతుంది.