కొబ్బరి పడుతుందా, పడదా? పేరు చూసి తేల్చకండి

జీడిపప్పు పడని మనిషి కొబ్బరి తినొచ్చా? ఈ ప్రశ్న వచ్చిన ఇంట్లో వెంటనే రెండు పార్టీలు తయారవుతాయి. "అదీ నట్టే కదా, ఎందుకొచ్చిన గొడవ, మానెయ్" అంటుంది ఒక పార్టీ. "కొబ్బరికాయ నట్ ఎలా అవుతుంది, తినెయ్" అంటుంది ఇంకోటి. ఇద్దరి పొరపాటూ ఒకటే. ప్రాణం మీదికి రాగల విషయాన్ని కొబ్బరి ఏ జాతి కాయ అన్నదాన్ని బట్టి తేల్చేస్తున్నారు. నిర్ణయం తీసుకునే ముందు ఏ ప్రశ్న అడగాలో తెలుసుకోవడం ముఖ్యం.

ముందు కాయ సంగతి

కొబ్బరికాయ నిజానికి టెంక ఉన్న పండు. మామిడిపండును పక్కన పెట్టుకుని చూస్తే సులువుగా అర్థమవుతుంది. మామిడిలో మనం తినే కండ ఉన్నచోట కొబ్బరికి పీచు ఉంటుంది. మామిడి టెంక స్థానంలో ఉన్నది కొబ్బరి చిప్ప. టెంక లోపలి జీడి స్థానంలో ఉన్నది తెల్ల కొబ్బరి, నీళ్లు. ఆ రెండూ మొలకకు దాచిపెట్టిన ఆహారమే. మూడు కళ్లలో మెత్తగా ఉండే కన్ను కింద చిన్న పిండం ఉంటుంది, మొక్క అక్కడినుంచే బయటికొస్తుంది. కాబట్టి కాయ మొత్తం పండు, మనం తినేది గింజ. వృక్షశాస్త్రం లెక్కలో అది నట్ కాదు.

"అయితే భయం లేదన్నమాట" అని అప్పుడే ఊపిరి పీల్చుకోకండి. అదే శాస్త్రం లెక్కలో బాదం, జీడిపప్పు, పిస్తా కూడా నట్స్ కావు. అవీ టెంక కాయల్లోని గింజలే. వేరుశనగ అయితే కంది, శనగల చుట్టం. అయినా వాటితో ప్రాణాపాయం తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. అంటే కాయ ఏ తరగతిలో ఉందన్నదానికీ, అది మీకు పడుతుందా లేదా అన్నదానికీ సంబంధం లేదు.

శరీరం గుర్తుపట్టేది ప్రోటీన్లను

అలర్జీ ఉన్నవాళ్ల రోగనిరోధక వ్యవస్థ గింజలోని కొన్ని ప్రోటీన్లను శత్రువులుగా గుర్తుపెట్టుకుంటుంది. వాటిని పోలిన ప్రోటీన్ ఇంకో గింజలో కనిపించినా ఎదురుతిరుగుతుంది. జీడిపప్పు, పిస్తా ఒకే కుటుంబానివి కాబట్టి ఒకటి పడనివాళ్లకు రెండోదీ పడకపోవడం మామూలే. కొబ్బరిది తాటి, ఖర్జూరాల కుటుంబం, వీటికి చాలా దూరం. అందుకే ట్రీ నట్స్ అలర్జీ ఉన్నవాళ్లలో ఎక్కువమంది కొబ్బరిని ఇబ్బంది లేకుండా తింటారు.

ఎక్కువమంది అన్నాను, అందరూ అనలేదు. కొబ్బరికే అలర్జీ ఉన్నవాళ్లున్నారు. అది అరుదు, కానీ వస్తే తీవ్రంగానూ రావచ్చు. వాల్‌నట్ వంటివి పడనివాళ్లలో కొద్దిమందికి కొబ్బరీ పడని సందర్భాలు వైద్యుల నమోదుల్లో ఉన్నాయి. గింజలు నిల్వ చేసుకునే కొన్ని ప్రోటీన్లలో పోలిక ఉండటమే దానికి కారణం.

జాబితా మారింది, కొబ్బరి మారలేదు

అమెరికాలో ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2006లో కొబ్బరిని ట్రీ నట్స్ జాబితాలో చేర్చింది. 2025 జనవరిలో తీసేసింది. ఈ మధ్యలో కొబ్బరి ఏమీ మారలేదు. అందుకే జాబితాను పూర్తిగా నమ్ముకోకూడదు.

జీడిపప్పు, పిస్తా పడని తెలుగమ్మాయి ఒకరు ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్లిందనుకుందాం. చిన్నప్పటినుంచీ ఇంట్లో కొబ్బరి పచ్చడి హాయిగా తిన్న పిల్ల. దుకాణంలో పాత లేబుల్ ఉన్న కొబ్బరిపాల డబ్బా తీసింది. దానిమీద ట్రీ నట్స్ ఉన్నాయని రాసి, పక్కనే కొబ్బరి అని ఉంది. ఆమె మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

ఒకటి, హెచ్చరికలో ఏ గింజ పేరు ఉంది? కొబ్బరి ఒక్కటే. రెండు, నా ఒంటికి ఇది ఇంతకుముందు పడిందా? ఎన్నోసార్లు తింది, ఏమీ కాలేదు. ఏ జాబితా కంటే అదే బలమైన సాక్ష్యం. మూడు, ఇందులో ఇంకేం ఉన్నాయి? పదార్థాల వరుసలో కొబ్బరి, నీళ్లు మాత్రమే ఉంటే డబ్బా తీసుకోవచ్చు. పక్కనే ఉన్న కొబ్బరి బిస్కెట్ల పదార్థాల్లో జీడిపప్పు కనిపిస్తే ఆ ప్యాకెట్ తిరిగి పెట్టేయాలి. ఒక జాగ్రత్త: "నట్స్ ఆనవాళ్లు ఉండవచ్చు" అనే మాట అక్కడ రాయడం కంపెనీల ఇష్టం. ఆ మాట లేదంటే ప్రమాదం లేదని అర్థం కాదు.

అదే అమ్మాయికి కొబ్బరే పడకపోతే లెక్క తిరగబడుతుంది. కొత్త లేబుళ్లమీద కొబ్బరికి విడిగా అలర్జీ హెచ్చరిక ఉండనక్కర్లేదు. పదార్థాల పట్టికను చివరిదాకా చదవాల్సిందే.

విందులో అడగడం నేర్చుకోండి

మన వంటల్లో చాలాసార్లు ప్రమాదం కొబ్బరితో కాదు, దాని తోడుగా వచ్చేవాటితో. హోటల్ కుర్మాలో కొబ్బరి, జీడిపప్పు కలిపి రుబ్బుతారు. కంటికి తెలియదు, నాలుకకూ తెలియదు. కొబ్బరి లౌజులో జీడిపప్పు పలుకులు, చట్నీలో పల్లీలు పడుతుంటాయి.

అందుకే "నట్స్ ఉన్నాయా?" అని అడగొద్దు. పేరు పెట్టి అడగండి: "అత్తయ్యా, నాకు జీడిపప్పు తింటే ఊపిరాడదు. ఇందులో వేశారా? ఇదే మిక్సీలో జీడిపప్పు రుబ్బారా?" కారణం చెప్పి అడిగితే ఎవరూ నొచ్చుకోరు. మొహమాటంతో "పలుకులు ఏరేసి తింటాలే" అనుకోవద్దు. పలుకులు తీసేసినా వాటి ప్రోటీన్ నెయ్యిలోనూ పాకంలోనూ ఉండిపోతుంది.

అనుమానం ఉంటే

నట్స్ తిని తీవ్రంగా బాధపడినవాళ్లు, కొబ్బరి ఇంతవరకు తిననివాళ్లు ఇంట్లో "కాస్త రుచి చూద్దాం" అనొద్దు. అలర్జీ నిపుణుణ్ని కలవండి. చర్మపరీక్షో రక్తపరీక్షో చేస్తారు, అవసరమైతే ఆసుపత్రిలోనే కొద్దికొద్దిగా తినిపించి గమనిస్తారు. పరీక్ష పాజిటివ్ వచ్చినంతమాత్రాన అలర్జీ ఉందని తేలదు. ఇబ్బంది లేకుండా తింటున్న కొబ్బరిని కేవలం ఆ కాగితం చూసి మానేయకండి, ముందు డాక్టరుతో మాట్లాడండి.

తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపు దద్దుర్లు, పెదవుల వాపు, గొంతు బిగుసుకోవడం, పిల్లికూతలు, వాంతులు, కళ్లు తిరగడం వంటివి ఒకదాని వెంట ఒకటి వస్తే ఆగవద్దు. మొదటి మందు అడ్రినలిన్, తొడ బయటివైపు ఇచ్చే ఇంజెక్షన్. డాక్టరు ముందే రాసిచ్చి ఉంటే వెంటనే వాడండి, 108కి ఫోన్ చేయండి. మనిషిని నడిపించకుండా పడుకోబెట్టండి, ఊపిరాడకపోతే కూర్చోనివ్వండి. అలర్జీ మాత్ర వేసి చూద్దామని కూర్చుంటే విలువైన సమయం పోతుంది.

జీడిపప్పు పడదని కొబ్బరిని మానేయనక్కర్లేదు. నట్ కాదు కదా అని గుడ్డిగా తిననూ వద్దు. మీ ఒంటి అనుభవం, పదార్థాల పట్టిక, డాక్టరు మాట, ఈ మూడూ చూసుకుని తినండి.