తెరుచుకోని గేమ్‌కు డబ్బు వాపసు కోరుతూ ఉత్తరం

ఇంటర్నెట్ దుకాణంలో కొన్న కంప్యూటర్ గేమ్ అసలు తెరుచుకోకపోతే డబ్బు వాపసు అడగవచ్చు. ఉదాహరణకు స్టీమ్ దుకాణంలో కొన్న 14 రోజుల లోపు, ఆడిన సమయం 2 గంటల లోపు ఉంటే కారణం ఏదైనా అడిగే వీలుంది. చిక్కంతా ఆ 2 గంటల లెక్కలోనే ఉంది. గేమ్ ప్రోగ్రాం తెరిచి ఉన్నంతసేపూ ఆడినట్టే లెక్క. ఎర్రర్ పెట్టెను తెర మీద వదిలేసి మెస్సుకు భోజనానికి వెళ్తే ఆ సమయం కూడా కలిసిపోతుంది. కాబట్టి గేమ్ ఆగిపోగానే దాన్ని పూర్తిగా మూసేయాలి.

ఇక సాక్ష్యం సంగతి. ఎర్రర్ పెట్టె ఫొటో ఒక్కటే చాలదు, కారణం అందులో ఉండదు. విండోస్ మాత్రం ఆగిపోయిన ప్రతిసారీ మామూలుగా ఒక నమోదు రాసి ఉంచుతుంది. విండోస్ మీటతో R నొక్కి ఇది టైప్ చేయండి:

```
eventvwr.msc
```

Windows Logs కింద Application లో, గేమ్ ఆగిన సమయం దగ్గర, Event ID 1000 ఉన్న ఎర్రర్ వెతకండి. అందులో గేమ్ ఫైలు పేరు, Exception code ఉంటాయి. ఆ కోడ్ 0xc000001d అయితే గేమ్ ఇచ్చిన ఆదేశం ప్రాసెసర్‌కు తెలియదని అర్థం. పాత కంప్యూటర్లలో దీనికి తరచు కారణం ఏవీఎక్స్ అనే సౌకర్యం లేకపోవడం. 2011కు ముందు వచ్చిన ప్రాసెసర్లలో అది లేదు. సెకండ్ హ్యాండ్ కంప్యూటర్లు కొనే మనలాంటి వాళ్లకే ఈ బాధ ఎక్కువ!

కోర్ 2 డ్యుయో కంప్యూటర్ ఉన్న ఒక విద్యార్థి 499 రూపాయల గేమ్ కొన్నాడనుకుందాం. అతని ఉత్తరం ఇలా ఉండాలి:

"అయ్యా, జనవరి 8న మీ దుకాణంలో గేమ్ కొన్నాను. ఆర్డర్ నంబరు, రసీదు జతచేశాను. 8, 9 తేదీల్లో నాలుగుసార్లు తెరిచాను. ప్రతిసారీ మొదటి బొమ్మ రాకముందే ఆగిపోయింది. మీ లెక్కలో కనిపించే 47 నిమిషాలు ఎర్రర్ పెట్టె తెరిచి ఉన్న సమయం. నాలుగుసార్లూ నమోదైన కోడ్ 0xc000001d. మీ పేజీలో డ్యుయల్ కోర్ ప్రాసెసర్, 4 జీబీ మెమరీ చాలని ఉంది, నా కంప్యూటర్‌లో అవి ఉన్నాయి. ఏవీఎక్స్ కావాలని ఎక్కడా లేదు. 499 రూపాయలు చెల్లించిన ఖాతాకే తిరిగి జమ చేయగలరు."

కోపం, తిట్లు ఇందులో లేవు. చదివే ఉద్యోగి సరిచూసుకోగల సంగతులే ఉన్నాయి. ఆ 47 నిమిషాల మాట మనమే ముందు చెప్పడం ముఖ్యం, లేకపోతే "ఆడారు కదా" అనే జవాబు వస్తుంది.

రసీదు, నాలుగు నమోదులతో పాటు మరో రెండు జతచేయాలి. ఒకటి, dxdiag తెరిచి Save All Information నొక్కితే వచ్చే ఫైలు. రెండోది, గేమ్ పేజీలో కనీస అవసరాలు రాసిన చోటు స్క్రీన్‌షాట్. పేజీని తర్వాత మార్చేయవచ్చు కనుక దాన్ని ఆ రోజే తీసుకోవాలి. ఏవీఎక్స్ కావాలని పేజీలో ముందే ఉంటే మాత్రం ఈ వాదన నిలవదు. అప్పుడు 14 రోజుల నియమం మీదే అడగాలి.

దుకాణం కాదంటే ఆ జవాబును దాచుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఇవే కాగితాలతో ఫిర్యాదు నమోదు చేయించవచ్చు.