కొటేషన్ ఉంటే బిల్లు ఉన్నట్టు కాదు

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్లు తయారవుతాయి. కానీ పక్క వీధిలో ఉండేవాళ్లైనా కారు కొనాలంటే షోరూంకే వెళ్లాలి. అక్కడ మొదట చేతికిచ్చే కాగితం ప్రొఫార్మా ఇన్‌వాయిస్. బ్యాంకు లోన్ దాని మీదే మంజూరవుతుంది కాబట్టి చాలామంది దాన్నే బిల్లు అనుకుంటారు. అది బిల్లు కాదు. ‘ఈ బండి ఈ ధరకు ఇస్తాం, మీరు ఒప్పుకుంటే డబ్బు కట్టండి’ అని అమ్మేవాడు ముందుగా రాసిచ్చే ప్రతిపాదన. జీఎస్టీ చట్టంలో ప్రొఫార్మా ఇన్‌వాయిస్ అన్న మాటే లేదు.

ఈ తేడా ఎంత డబ్బు చేస్తుందో 2025 సెప్టెంబరు చూపించింది. 1,200 సీసీ లోపు, నాలుగు మీటర్ల లోపు పెట్రోల్ కార్లపై అప్పటిదాకా 28 శాతం జీఎస్టీ, ఒక శాతం సెస్ ఉండేవి. ఆ నెల 22 నుంచి అది 18 శాతమే అయింది. ఒక కొనుగోలుదారు సెప్టెంబరు మొదట్లో ప్రొఫార్మా తీసుకుని అడ్వాన్సు కట్టాడనుకుందాం. పన్ను కలపక ముందు ధర ఎనిమిది లక్షలు. ప్రొఫార్మాలో పన్ను 2,32,000 అని ఉంది. అసలు బిల్లైన ట్యాక్స్ ఇన్‌వాయిస్, డెలివరీ రెండూ 22 తర్వాత జరిగాయి. అడ్వాన్సు ముందే ఇచ్చినా సరే, జీఎస్టీ చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఇక్కడ లెక్కకొచ్చేది ఇన్‌వాయిస్ తేదీ. పన్ను 1,44,000 మాత్రమే. ‘ప్రొఫార్మాలో ముందే రాసేశాం’ అంటూ మిగతా 88,000 పన్నుగా వసూలు చేసే హక్కు షోరూంకు లేదు. అదే, 22కి ముందే ట్యాక్స్ ఇన్‌వాయిస్ ఇచ్చి, డబ్బు కూడా అప్పుడే పూర్తిగా తీసుకుని ఉంటే పాత రేటే పడేది. అందుకే బండి ఇవ్వకముందే ‘బిల్లు కొట్టేస్తాం’ అంటే ఒప్పుకునే ముందు ఒక్క క్షణం ఆలోచించాలి.

ట్యాక్స్ ఇన్‌వాయిస్ ఎప్పుడివ్వాలో చట్టమే చెబుతుంది. సరుకు కదిలేదైతే కదిలేలోపు, లేదా కదిలేటప్పుడు. సేవలైతే మామూలుగా పని చేసిన 30 రోజుల్లోపు. అడ్వాన్సు తీసుకున్నందుకు ఇచ్చేది రసీదు మాత్రమే.

హిందూపురం వ్యాపారులకు ఇందులో ఇంకో చిక్కుంది. ధర్మవరం నుంచి 20 పట్టు చీరలు, ఒక్కోటి 6,000 చొప్పున తెప్పించుకుంటే 1,20,000. ఐదు శాతం పన్ను 6,000. ఈ ఆరు వేలను తన అమ్మకపు పన్నులోంచి తగ్గించుకోవాలంటే దుకాణదారు చేతిలో ట్యాక్స్ ఇన్‌వాయిస్ ఉండాలి, ఆ బిల్లు పోర్టల్‌లోని GSTR-2B లోనూ కనిపించాలి. ప్రొఫార్మా చూపించి క్రెడిట్ అడిగితే కుదరదు. సరుకు ధర్మవరం నుంచి వస్తే బిల్లులో CGST, SGST మూడేసి వేలుగా ఉంటాయి. అవే చీరలు ధర్మవరం నుంచి బెంగళూరుకు పోతే ఒకే IGST ఆరు వేలు. సరిహద్దు పక్కనే ఉన్న ఊరు కాబట్టి హిందూపురంలో ఈ తేడా దగ్గర పొరపాటు పడటం సులువే. ఇక నేతగాడికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోతే మామూలు బిల్లు ఇస్తాడు. దాని మీద పన్ను వేయకూడదు.

ప్రొఫార్మా, ట్యాక్స్ ఇన్‌వాయిస్‌ల తర్వాత మూడో కాగితం కమర్షియల్ ఇన్‌వాయిస్. ఎగుమతుల్లో దీని అసలు పని కస్టమ్స్ దగ్గర. ధర్మవరం వ్యాపారికి అమెరికాలోని తెలుగువాళ్ల నుంచి ఆర్డరు వచ్చిందనుకోండి. ముందు ప్రొఫార్మా పంపుతాడు, అవతలివాళ్లు అడ్వాన్సు వేస్తారు. సరుకు ప్యాక్ అయ్యాక కమర్షియల్ ఇన్‌వాయిస్ తయారవుతుంది. అందులో అమ్మేవారు, కొనేవారు, చీరల వివరం, HS కోడ్, ఏ దేశంలో తయారైంది, డాలర్లలో ధర, రవాణా ఖర్చు ఎవరిది అన్నవి ఉంటాయి. ఆ ధర మీదే అక్కడి సుంకం లెక్కిస్తారు. 800 డాలర్ల లోపు పార్శిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి ఆపేసింది కాబట్టి, ‘గిఫ్టే కదా’ అని తక్కువ ధర రాసి పంపే పాత అలవాటు ఇప్పుడు మరింత ప్రమాదం. రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి ఈ ఎగుమతికి మన జీఎస్టీ లెక్కకు ఇన్‌వాయిస్ కూడా ఇవ్వాలి. LUT మీద పన్ను కట్టకుండా పంపితే ఆ మాట దాని మీద రాయాలి. రెండిటి వివరాలూ ఒకే కాగితం మీద పెట్టేవాళ్లూ ఉన్నారు.

చేతికొచ్చిన కాగితం ఏదో తేల్చుకోవాలంటే పైన ‘ట్యాక్స్ ఇన్‌వాయిస్’ అని ఉందా, వరుస నంబరు, తేదీ, 15 అక్షరాల GSTIN, HSN కోడ్, పన్ను విడివిడిగా, సంతకం ఉన్నాయా అని చూడండి. కారైతే ఛాసిస్ నంబరు కూడా. డబ్బు తీసుకుని సరుకిచ్చి బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. ముందు రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే 1915కు ఫోన్ చేయండి, అప్పటికీ తేలకపోతే ప్రొఫార్మా, అడ్వాన్సు రసీదు, బ్యాంకు చెల్లింపు వివరాలతో జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి.